లాకిన్ ముగియడానికి ఇంకా ఆరు నెలలుండగా ఇల్లు ఖాళీ: నల్లగండ్ల ఫ్లాటు కేసు

2024 దసరా వెళ్లిన సోమవారం ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. టేబుల్ మీద రెండు పెట్టింది: వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అగ్రిమెంటు ఒకటి, వాట్సాప్ తెరిచి ఉన్న ఫోను ఒకటి. నేను హైదరాబాదులో ఎక్కువగా అద్దె తగాదాలే చూసే లాయర్ని. అగ్రిమెంటు తర్వాత చదవొచ్చు, ముందు ఫోను ఇవ్వమన్నాను. ఇలాంటి కేసుల్లో నష్టం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

అనుకున్నట్టే అయింది. మూడు రోజుల క్రితం ఆవిడ ఓనరుకు పెట్టిన మెసేజ్ ఇది: "అంకుల్, నాకు పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. నవంబర్ ఎండింగ్‌కి ఖాళీ చేస్తాం. నవంబర్ రెంట్ అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి." దానికి ఆయన ఒక్క ముక్కే రాశారు: "లాకిన్ సంగతి చదువుకున్నారా అమ్మా?" ఆ తర్వాత ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఉత్తరం మాత్రం దాదాపు వెళ్లింది వెళ్లినట్టే ఇస్తున్నాను.

అగ్రిమెంటులో ఏముంది

నల్లగండ్లలో గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. అద్దె నెలకు 32,000, అడ్వాన్సు రెండు నెలలది, అంటే 64,000. 2024 జూన్ 1 నుంచి 24 నెలలు. మొదటి 12 నెలలు లాకిన్. "ఆ లోపు అద్దెదారు ఖాళీ చేసినచో మిగిలిన లాకిన్ కాలమునకు పూర్తి అద్దె చెల్లించవలెను" అని ఒక షరతు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోత. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరిని పెట్టకూడదు. రిజిస్ట్రేషన్ లేదు.

ఓనరు గుంటూరులో ఉండే రిటైర్డు ఉద్యోగి. పెన్షనుకు ఈ అద్దె తోడు. మే నెలలో ఈవిడను తెచ్చిన బ్రోకరుకు పదిహేను రోజుల అద్దె, 16,000, తన జేబులోంచి ఇచ్చారు. ఆర్నెల్లకే మళ్లీ బ్రోకరు, మళ్లీ ఖాళీ ఇల్లు అంటే ఆయన కోపానికి కారణం లేకపోలేదు. మా క్లయింటు ఇంట్లో అందరూ ఆయన్ని "డబ్బు మనిషి" అంటున్నారు. నాకైతే అలా అనిపించలేదు.

ఆవిడ భయం మాత్రం లెక్కతో కూడిన భయం. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు, నెలకు 32,000 చొప్పున 1,92,000. దానిమీద పెయింటింగ్ 32,000. అడ్వాన్సు మొత్తం పోగా ఎదురు 1,60,000 కట్టాలేమోనని రెండు రాత్రులు నిద్ర లేదట.

ఆ 1,92,000 నిజంగా రాబట్టగలరా

ఇందులో రెండు విడివిడి ప్రశ్నలున్నాయి. జనం వాటిని కలిపేస్తుంటారు.

మొదటిది, ఆ కాగితం చెల్లుతుందా అన్నది. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107 చెబుతుంది. చేయించకపోతే అందులోని షరతులను కోర్టులో రుజువుగా చూపించడానికి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 అడ్డొస్తుంది. "అనుబంధ విషయాలకు" మాత్రం చూపించుకోవచ్చు. ఉదాహరణకు, ఈవిడ అద్దెకే ఉంది, దౌర్జన్యంగా చొరబడలేదు అని చూపడానికి పనికొస్తుంది. లాకిన్ అలాంటి అనుబంధ విషయం అనడం కష్టం, అది లీజుకు ముఖ్యమైన షరతు. 2008లో సుప్రీంకోర్టు కె.బి. సాహా కేసులో, రిజిస్టర్ కాని లీజులోని ఒక ముఖ్య షరతును అనుబంధ విషయం పేరుతో అమలు చేయించుకోలేరని చెప్పింది. వంద రూపాయల స్టాంపు సరిపోదన్న అభ్యంతరం వస్తే ముందు తక్కువపడిన సుంకం, దానిమీద పెనాల్టీ కట్టాకే కోర్టు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంటుంది.

లీజు చెల్లకపోయినా అద్దెదారు గాలిలో లేదు. ఇంట్లో ఉంది, నెలనెలా అద్దె కడుతోంది కాబట్టి నెలవారీ అద్దెదారు అవుతుంది. దాన్ని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు చాలు.

ఇది వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే అదే రాసేద్దాం సార్, అగ్రిమెంట్ చెల్లదని." రాయనన్నాను. 64,000 ఆయన దగ్గరుంది. ఆ మాట అన్న రోజే ఆ డబ్బు దావాలోకి వెళ్లిపోతుంది. 64,000 కోసం సివిల్ కోర్టులో దావా వేస్తే నా ఫీజు, ఆవిడ పుణె నుంచి వాయిదాలకు తిరిగే ఖర్చు కలిసి అసలును మింగేస్తాయి. కాగితం బలహీనంగా ఉందన్న సంగతి మనకు తెలిసి ఉండాలి. ఉత్తరంలో దాన్ని చాటుకోనక్కర్లేదు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. కాగితం పక్కాగా రిజిస్టరై ఉన్నా సరే, ఆరు నెలల అద్దె మొత్తం వస్తుందా? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, మాట తప్పితే ఇంత కట్టాలని ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది ఆ లోపు న్యాయమనిపించిన పరిహారం. 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ స్పష్టం చేసింది. ఇక సెక్షన్ 73 వివరణ ఏమంటుందంటే, నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు దాన్ని తగ్గించుకోవడానికి ఉన్న దారులను కూడా చూడాలి. ఇల్లు డిసెంబరు 10కే మళ్లీ అద్దెకు పోతే ఆయనకు పోయింది తొమ్మిది రోజుల అద్దె, ఆరు నెలలది కాదు.

అయితే దీనికి హద్దులున్నాయి. ఆఫీసులు, షోరూముల లీజుల్లో అద్దెదారు కోసమే ఓనరు లోపల లక్షలు పెట్టి పని చేయిస్తే లాకిన్ మొత్తంలో పెద్ద భాగం రావచ్చు. ఇళ్ల విషయంలోనూ ఒక చిక్కుంది. తాళాలు అద్దెదారు దగ్గరే ఉంటే ఓనరు నష్టపరిహారం అడగక్కర్లేదు, నేరుగా అద్దె బాకీ అడుగుతాడు. బాకీకి "నష్టం తగ్గించుకోవాలి" అన్న మాట అంత తేలిగ్గా అతకదు. కాబట్టి ఫలానా రోజు ఇల్లు అప్పగించాను అని చూపించే రుజువు లేకపోతే పైన చెప్పిన న్యాయమంతా జారిపోతుంది.

ఇవన్నీ చూసుకున్నాక ఉత్తరం ఏం చేయాలో తేలింది. ఆయన నష్టానికి ఒక ఆఖరి తేదీ పెట్టాలి. ఆ తేదీ దాకా అయ్యే నష్టాన్ని అడగకముందే మనమే భరిస్తామనాలి. మిగతా అంతా మర్యాద.

వెళ్లిన ఉత్తరం

ఆవిడ సొంతంగా రాసుకొచ్చిన డ్రాఫ్టు ఇంగ్లిష్‌లో మూడు పేజీలుంది. అందులో సగం బాత్రూమ్ లీకేజీ గురించి. లీకేజీ నిజమే కావచ్చు, కానీ వెళ్లిపోవడానికి కారణం బదిలీ. రెండు కారణాలు చెబితే రెండూ సాకుల్లా కనబడతాయి. దాన్ని పక్కనపెట్టి, ఆయన గుంటూరు మనిషి కాబట్టి తెలుగులో ఒక పేజీకి కాస్త మించి రాశాం.

> హైదరాబాద్, 16 అక్టోబరు 2024
>
> శ్రీ ______ గారికి నమస్కారం.
>
> విషయం: నల్లగండ్లలోని మీ ఫ్లాటు ఖాళీ చేయడం, మీకు అద్దె ఆగకుండా ఏర్పాటు
>
> 2024 జూన్ 1 నుంచి మీ ఫ్లాటులో అద్దెకు ఉంటున్నాను. అక్టోబరుతో కలిపి ప్రతి నెలా 32,000 రూపాయల అద్దె 5వ తేదీలోపు మీ ఖాతాలో వేశాను. నా అడ్వాన్సు 64,000 రూపాయలు మీ దగ్గర ఉంది.
>
> మా కంపెనీ నన్ను పుణె ఆఫీసుకు బదిలీ చేసింది. డిసెంబరు 2న అక్కడ చేరాలి. ఆర్డరు కాపీ జతచేశాను. అందువల్ల నవంబరు 30 సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేసి, తాళాలు మీకు గానీ, మీరు రాతలో చెప్పిన మనిషికి గానీ అప్పగిస్తాను. ఈ రోజు నుంచి అది 45 రోజులు. నవంబరు అద్దె, అప్పటిదాకా మెయింటెనెన్సు, కరెంటు బిల్లు మామూలుగానే కడతాను. అడ్వాన్సులో కట్ చేసుకోమని 11వ తేదీన వాట్సాప్‌లో రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందరపడి రాశాను, మన్నించండి.
>
> ఒప్పందంలో పన్నెండు నెలల లాకిన్ రాసి ఉందని తెలుసు. ఇల్లు ఖాళీగా పడి ఉండి మీకు అద్దె పోకూడదనే ఆ షరతు పెట్టారని అనుకుంటున్నాను. ఆ నష్టం రాకుండా ఈ ఏర్పాటు మీ ముందు పెడుతున్నాను.
>
> మా ఆఫీసులో పనిచేసే ఒకరు, వారి భార్య, నాలుగేళ్ల పాప, ముగ్గురి కుటుంబం. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఇదే అద్దెకు, ఇదే అడ్వాన్సుతో డిసెంబరు 10 నుంచి చేరడానికి సిద్ధంగా ఉన్నారు. వారు ఒప్పుకున్నందున వారి వివరాలు వేరే కాగితం మీద పంపుతున్నాను. మీరే మాట్లాడి, విచారించి, నచ్చితే వాళ్లతో నేరుగా కొత్త ఒప్పందం చేసుకోండి. నేను వాళ్లకు ఇల్లు ఇస్తానని మాట ఇవ్వలేదు, వాళ్ల డబ్బేదీ నా దగ్గర లేదు. మీ దృష్టిలో వేరేవాళ్లుంటే వాళ్లకే ఇవ్వండి. ఖాళీ చేసే దాకా రోజూ సాయంత్రం ఆరు తర్వాత, శని ఆదివారాల్లో ఎప్పుడైనా ఇల్లు చూపిస్తాను.
>
> డిసెంబరు 1 నుంచి కొత్తవాళ్లు చేరే రోజు దాకా అద్దె నేను భరిస్తాను. ఎవరూ చేరకపోయినా డిసెంబరు 31 వరకు భరిస్తాను. కొత్త అగ్రిమెంటు రాయించే ఖర్చు కూడా నాదే. బ్రోకరు అవసరం పడదు.
>
> మీకు సమ్మతమైతే, నేను తాళాలిచ్చే రోజున మన ఒప్పందం ఇద్దరి ఇష్టంతో ముగిసిందని ఒక కాగితం మీద సంతకాలు చేసుకుందాం. లెక్క చూసుకోగా మిగిలిన అడ్వాన్సు ఆ తర్వాత 15 రోజుల్లో నా ఖాతాకు పంపగలరు.
>
> ఆ కుటుంబం ఇంకో రెండు ఇళ్లు కూడా చూస్తున్నారు. 27వ తేదీ ఆదివారం లోపు మీ మాట తెలిస్తే వాళ్లను ఆపగలను.
>
> సామరస్యంగా ముగించుకోవాలని ఇది రాశాను. లాకిన్ షరతు కింద ఫలానా మొత్తం బాకీ ఉన్నానని ఒప్పుకుంటున్నట్టు భావించవద్దు.
>
> ఇట్లు
> ______

రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంటు కార్డుతో పంపాం. అదే రోజు ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టించాను. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి ఇప్పుడు పంపేవాళ్లు స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపుకోవాలి. పోస్టు రసీదును ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి ఉంచమన్నాను. సెక్షన్ 106 కింద నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చినవాళ్ల సంతకం ఉండాలి. అందుకే వాట్సాప్ మెసేజ్ ఒక్కదాని మీద ఆధారపడలేదు.

"నా స్థానంలో" అన్న మాట

ఉత్తరంలో ఎక్కువ సేపు ఆలోచించింది కొత్త కుటుంబం గురించిన పేరా దగ్గర. ఆవిడ మొదటి డ్రాఫ్టులో "నా స్థానంలో మా కొలీగ్ ఉంటారు" అని ఉంది. నిజానికి దీని అర్థం మూడు రకాలుగా తీసుకోవచ్చు. ఈవిడ అద్దెదారుగానే ఉండి వాళ్లను పెట్టడం ఒకటి, అది సబ్‌లెట్, అగ్రిమెంటులో కుదరదని స్పష్టంగా ఉంది. తన లీజును వాళ్లకు బదిలీ చేయడం ఇంకొకటి. అలా చేసినా ఓనరు విడిగా రాసివ్వకపోతే వాళ్లు అద్దె ఎగ్గొట్టిన నెల మళ్లీ ఈవిడనే అడగొచ్చు. మూడోది, ఈవిడ లీజు ఇద్దరి ఒప్పుదలతో ముగిసి, కొత్తవాళ్లతో ఓనరు విడిగా కొత్త లీజు రాసుకోవడం. చట్టంలో దీన్ని సరెండర్ అంటారు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 111లో ఉంది. ఆవిడను పూర్తిగా బయటపడేసేది ఇదొక్కటే. అందుకే "నేరుగా కొత్త ఒప్పందం", "ఇద్దరి ఇష్టంతో ముగిసింది" అన్న రెండు మాటలూ కావాలనే పెట్టాను.

ఈలోపు ఒక పొరపాటు జరిగింది. ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు "సార్, వాళ్లు నిన్న టోకెన్ కింద పదివేలు పంపారు, పర్లేదు కదా" అంది. యూపీఐలో వచ్చి పడింది. అక్కడే నా ముందే వెనక్కి పంపించాను. ఓనరు కాదంటే ఆ కుటుంబానికి ఈవిడ జవాబు చెప్పుకోవాలి. పైగా అనుమతి లేకుండా ఇంకొకరికి ఇల్లిచ్చి డబ్బు తీసుకుందన్న ఆరోపణకు ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలు. "వాళ్ల డబ్బేదీ నా దగ్గర లేదు" అన్న వాక్యం రాయగలిగింది డబ్బు వెనక్కి వెళ్లాకే.

డిసెంబరు 31 పరిమితి గురించి కూడా వాదన జరిగింది. "ఎవరో ఒకరు చేరేదాకా కడతాను" అని రాద్దామంది, మంచితనంగా ఉంటుందని. అలా రాస్తే ఆయన ఇల్లు మే దాకా ఖాళీగా ఉంచినా అడగడానికి ఏమీ ఉండదు, లాకిన్‌ను మనమే రెండోసారి సంతకం పెట్టి ఇచ్చినట్టవుతుంది. నల్లగండ్లలో 32,000 అద్దెకు డబుల్ బెడ్‌రూమ్ ఖాళీ అయితే నెలలోపు మనుషులు దొరుకుతారని నా అనుభవం. ముందు 45 రోజుల నోటీసు, వెనక ఒక నెల భరోసా. రేపు ఎవరైనా జడ్జి చూసినా సమంజసంగానే కనిపిస్తుంది.

నవంబరు అద్దె మామూలుగా కట్టడం చాలామందికి నచ్చని సలహా. అడ్వాన్సు ఎలాగూ రాదు, అందులోనే ఉండి తినేద్దాం అనుకుంటారు. అద్దె ఆపిన రోజు నుంచి ఓనరు దృష్టిలో మీరు లాకిన్ తప్పినవాళ్లే కాక అద్దె ఎగ్గొట్టినవాళ్లు కూడా అవుతారు. ఆ తర్వాత మీరు తెచ్చిన మనిషిని ఆయన గుమ్మం కూడా ఎక్కనివ్వడు.

గుంటూరు నుంచి జవాబు

24వ తేదీన ఫోన్ వచ్చింది, ఆవిడ స్పీకర్‌లో పెట్టి నాకు వినిపించింది. "మనుషుల్ని నువ్వు తేవడం ఏంటమ్మా? ఆరు నెలల అద్దె కట్టి వెళ్లు, నా ఇల్లు నేను చూసుకుంటా." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఆ మాటల్లో డబ్బు కంటే వేరేదేదో వినిపించింది. ఇంకోసారి ఫోన్ చేసి, ఆరు నెలల సంగతి ఎత్తకుండా, కొత్తవాళ్ల విషయంలో ఆయనకున్న ఇబ్బందేంటో మాత్రం అడగమన్నాను. అప్పుడు బయటపడింది. ఇదివరకు గుంటూరులోనే ఆయన పై పోర్షన్లో ఉన్న కుర్రాడు "మా ఫ్రెండ్" అంటూ ఒకణ్ని పెట్టి వెళ్లాడట. ఒకడు ముగ్గురయ్యారు, ముగ్గురు ఏడుగురయ్యారు, ఖాళీ చేయించడానికి ఏడాది పట్టింది.

ఆయనకు కావాల్సింది ఎవరు ఉంటారన్నది తన చేతిలో ఉండటం. ఉత్తరంలో అది ఉంది, కానీ ఆయన ఆ పేరా దాకా వచ్చేసరికే కోపంలో ఉన్నట్టున్నారు. దీపావళి వెళ్లాక ఆదివారం, నవంబరు 3న, ఆ దంపతులిద్దరూ పాపను తీసుకుని గుంటూరు వెళ్లారు. శాలరీ స్లిప్పులు, ఆధార్ కాపీలు, ఇప్పుడున్న ఇంటి ఓనరు ఫోన్ నంబరు పట్టుకెళ్లమన్నాను. ఆ నంబరుకు ఆయన అక్కడే కూర్చుని ఫోన్ చేశారట. "మీరేమిట్లు?" అని కూడా అడిగారట. ఆ ప్రశ్న నాకు నచ్చదు, దానికి జవాబు చెప్పనక్కర్లేదని కూడా వాళ్లకు ముందే చెప్పాను. నవ్వి ఊరుకున్నారు, ఆయనా వదిలేశారు. ఆ కారణంతో కాదని ఉంటే మా ఫైలులో రాసుకునేవాళ్లం: నికరమైన జీతాలున్న కుటుంబాన్ని అదే అద్దెకు తెస్తే కాదన్నారని, ఆ తర్వాత జరిగిన నష్టం ఆయన స్వయంగా తెచ్చుకున్నదని. ఓనరు మనం తెచ్చినవాళ్లను ఒప్పుకునే తీరాలని చట్టంలో లేదు. ఒప్పుకోకపోవడానికి ఆయన చెప్పే కారణం మాత్రం తర్వాత లెక్కలోకి వస్తుంది.

ఇంకో జట్టు కూడా వచ్చింది, ముగ్గురు బ్యాచిలర్ అబ్బాయిలు, అద్దె 35,000 ఇస్తామన్నారు. మా క్లయింటు ఉబ్బితబ్బిబ్బయి ఆయనకు పంపబోతే ఆపాను. పై పోర్షన్ కథ విన్నాక ఆ పేర్లు పంపితే మొదటి కుటుంబం మీద కుదురుకున్న నమ్మకం కూడా పోతుంది.

5వ తేదీ రాత్రి వాట్సాప్ వచ్చింది: "వాళ్లు పర్లేదు. పెయింటింగ్ మాత్రం అగ్రిమెంట్ ప్రకారం."

తాళాలు, మీటరు, కాగితం

ఆయన రాలేనన్నారు, వాచ్‌మన్‌కు ఇచ్చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. వాచ్‌మన్‌కు తాళాలిస్తే ఇల్లు అప్పగించినట్టు తర్వాత చూపించడం కష్టం. ఆరు నెలల తర్వాత ఆ వాచ్‌మన్ అక్కడ ఉంటాడన్న నమ్మకమూ లేదు. మియాపూర్‌లో ఉండే ఆయన మేనల్లుడికి ఇవ్వమని ఆయన చేతే వాట్సాప్‌లో ఒక లైను రాయించుకున్నాం.

నవంబరు 30 సాయంత్రం నాలుగింటికి మేనల్లుడు వచ్చాడు. ఖాళీ ఇంట్లో ఆవిడ ఫోన్ పట్టుకుని గదిగదికీ తిరుగుతూ ఆపకుండా ఒకే వీడియో తీసింది: రెండు గీజర్లు ఆన్ చేసి, వంటింటి కుళాయి తిప్పి, ఫ్యాన్లన్నీ వేసి, చివర మీటరు దగ్గర ఆగి అంకెలు స్పష్టంగా కనిపించేలా. హాల్లో టీవీ తగిలించిన చోట నాలుగు రంధ్రాలు, పిల్లల గది గోడ మీద పెన్సిలు గీతలు. అవి దాచొద్దని చెప్పాను, వీడియోలో ఉన్నాయి. తర్వాత వంటింటి ప్లాట్‌ఫాం మీద కాగితం పెట్టి ఇద్దరూ సంతకం చేశారు. అందులో మూడు సెట్ల తాళాలు ముట్టాయని, మీటరు రీడింగు ఇంత అని, ఇల్లు ఈ రోజు ఓనరు స్వాధీనంలోకి వచ్చిందని, 2024 జూన్ 1 నాటి ఒప్పందం ఇరువురి అంగీకారంతో ఈ రోజుతో ముగిసిందని, అడ్వాన్సు లెక్క తప్ప ఒకరికొకరు ఇవ్వాల్సింది ఏదీ లేదని రాశాం. గుంటూరు నుంచి ఓనరు సంతకం చేసిన కాపీ వారంలో పోస్టులో వచ్చింది. మేనల్లుడి సంతకం తాళాలకు సరిపోతుంది. ఒప్పందం ముగిసిందనడానికి మాత్రం ఓనరు సంతకమే కావాలి, అందుకే దానికోసం పట్టుబట్టాను.

పెయింటింగ్ దగ్గర కొంత పంతం నడిచింది. ఆరు నెలలున్న ఇంటికి నెల అద్దె 32,000 పెయింటింగ్ కోత నాకు ఎక్కువే అనిపించింది. కానీ ఆ షరతు మీద పోరాడటానికి ఆవిడకు ఓపిక లేదు. కొత్తవాళ్లు చేరేముందు వేయించాల్సిన పనికి పెయింటరు చెప్పింది 15,000. ఆ బిల్లు మేరకు ఒప్పుకుందాం అన్నాం, ఆయనా ఊ అన్నారు.

లెక్క ఇలా తేలింది. అడ్వాన్సు 64,000. డిసెంబరు 1 నుంచి 9 దాకా తొమ్మిది రోజుల అద్దె 9,290. పెయింటింగ్ 15,000. కొత్త అగ్రిమెంటు ఖర్చు 2,500. మొత్తం 26,790 పోగా రావాల్సింది 37,210. కరెంటు ఆఖరి బిల్లు ఆవిడే వేరుగా కట్టేసింది. డబ్బు డిసెంబరు 13న ఖాతాలో పడింది, పదిహేను రోజుల గడువుకు రెండు రోజుల ముందు.

ఆయన ఒప్పుకోకపోయి ఉంటే మా దారి వేరేగా ఉండేది. నవంబరు 30న తాళాలు తీసుకోమని ఇంకో ఉత్తరం, తీసుకోకపోతే సాక్షుల ముందు ఇల్లు మూసి, తాళాలు పోస్టులో ఆయన అడ్రసుకు. ఆ తర్వాత ఆయన దావా వేస్తే రిజిస్ట్రేషన్ లేదన్న సంగతి అప్పుడు తీసేవాళ్లం. అడ్వాన్సు మాత్రం ఏళ్లతరబడి మర్చిపోవాల్సిందేనని ఆవిడకు మొదటి రోజే చెప్పాను.

కొత్త కుటుంబం అగ్రిమెంటు సంతకానికి ముందు నాకు చూపించారు. ఈసారి 11 నెలలకే రాసుకున్నారు, లాకిన్ ఆరు నెలలు. దాని కింద ఓనరు తన చేత్తో ఒక లైను కలిపారు: "ముందే వెళ్లవలసి వస్తే నెల నోటీసు ఇచ్చి, నాకు నచ్చిన కుటుంబాన్ని చూపించిన యెడల లాకిన్ వర్తించదు." "నచ్చిన" అన్న మాట తీసేసి "సమంజసమైన కారణం లేకుండా కాదనరాదు" అని పెట్టించుకోమని వాళ్లకు చెప్పాను. ఆయన మొదటిది తీయలేదు, రెండోది దాని పక్కనే రాశారు.